వైడ్ ఫొటోలో అతికించిన మొక్క తేలుతోందంటే ముందు హొరైజన్ గీసి చూడండి

ప్రశ్న: "16 ఎంఎంలో తీసిన పెద్ద హాల్ ఫొటో ఉంది. అందులో కుడి చివర ఒక కుండీ మొక్క, సైడ్ టేబుల్ మీద ఒక లాంప్ పెట్టాలి. రెండూ ఫోన్‌తో విడిగా తీసి, కట్ చేసి పేస్ట్ చేశాను. సైజు పెంచినా తగ్గించినా స్టిక్కర్ అతికించినట్టే ఉంది, షాడో వేసినా తేలుతూనే ఉంది, ఫొటోషాప్ Distort తో లాగి లాగి విసుగొచ్చింది. దీనికి లెక్క ఏమైనా ఉందా, లేక కంటికి నచ్చేదాకా లాగుతూ కూర్చోవడమేనా?"

జవాబు:

లెక్క ఉందండీ, అదీ స్కూల్లో చేసిన త్రైరాశికమే. షాడో సంగతి కాసేపు మర్చిపోండి, ఎందుకంటే వస్తువు సైజో చూపు కోణమో తప్పుగా ఉన్నప్పుడు ఎంత మంచి షాడో వేసినా అది తేలుతూనే ఉంటుంది, మనం షాడో బాలేదనుకుని ఇంకో గంట దాని మీదే తగలేస్తాం. నేను చాలాకాలం అలాగే తగలేశాను. ఒకసారి నేను పెట్టిన మొక్క చూసి క్లయింట్ "ఇది మొక్కా, ఇంట్లో మొలిచిన చెట్టా" అని అడిగారు, అప్పుడు గానీ లెక్క నేర్చుకోలేదు.

మొత్తం పని ఒక్క గీత మీద ఆధారపడుంది, దాన్నే హొరైజన్ లైన్ అంటాం. కెమెరాని పైకీ కిందకీ వంచకుండా సమంగా పెట్టి తీస్తే, లెన్స్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఉన్న ప్రతీదీ ఫొటోలో ఒకే అడ్డగీత మీద పడుతుంది. మీ పక్కనే ఉన్న కుర్చీ వీపైనా సరే, హాల్ అవతలి చివర తలుపైనా సరే. లెన్స్ 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి, నేల మీద ఎక్కడైనా 1.2 మీటర్ల కర్ర ఒకటి నిలబెడితే దాని తల సరిగ్గా ఆ గీతని తాకుతుంది, దగ్గర పెడితే కర్ర పెద్దగా కనిపిస్తుంది, దూరం పెడితే చిన్నగా కనిపిస్తుంది, కానీ తల మాత్రం గీత దాటదు. అంటే నేల మీద ఏ చోటు తీసుకున్నా, ఆ చోటు నుంచి పైన గీత వరకు ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో అవి ఆ చోట 1.2 మీటర్లకి సమానం. ప్రతి చోటా మీకో స్కేలు ఉచితంగా దొరికినట్టే, లెన్స్ 16 ఎంఎం అయినా 50 ఎంఎం అయినా ఇదే నియమం.

మరి ఆ గీత ఎక్కడుంది? ఫొటో క్రాప్ చేయకుండా, షిఫ్ట్ లెన్స్ వాడకుండా, కెమెరా సమంగా ఉంటే ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో ఉంటుంది. కానీ మన చేతికొచ్చే ఫొటోలు ఎవరో ఒకరు అప్పటికే కత్తిరించి ఉంటారు కాబట్టి మధ్యలో ఉందని నమ్మకండి, గీసి చూడండి. పక్క గోడ, నేల కలిసే గీతని ఒక కొత్త లేయర్ మీద సన్నటి ఎర్ర లైన్‌తో పొడిగించండి, అదే గోడ సీలింగ్‌ని కలిసే గీతని కూడా అలాగే పొడిగించండి, రెండూ ఎక్కడ కలుస్తాయో అది వానిషింగ్ పాయింట్, దాని గుండా అడ్డంగా ఒక గైడ్ పెడితే అదే హొరైజన్. అవతలి గోడకి ఎదురుగా నిలబడి తీసిన ఫొటో అయితే ఈ పాయింట్ ఫ్రేమ్‌లోనే దొరుకుతుంది, గది మూలకి గురిపెట్టి తీసినదైతే బయటికి పోవచ్చు, అప్పుడు కాన్వాస్ వెడల్పు పెంచుకుని గీయాలి. నేను ఎప్పుడూ ఇంకో గోడ గీతలతో కూడా సరిచూసుకుంటా, రెండు జవాబుల మధ్య 6000 పిక్సెల్స్ ఫొటోలో 20, 30 పిక్సెల్స్ తేడా వస్తే పట్టించుకోను, 200 వస్తే మాత్రం ఎక్కడో తప్పు గీశానని అర్థం. సోఫా గోడకి వాలుగా ఉంటే దాని గీతలు వేరే పాయింట్‌కి వెళ్తాయి, కంగారు పడకండి, ఆ పాయింట్ కూడా ఇదే హొరైజన్ మీద ఉంటుంది.

ఒక్క షరతు. గోడ అంచులు, తలుపు చట్రాలు ఫొటోలో నిటారుగా ఉండాలి. అవి పైకి పోతూ దగ్గరకొస్తున్నా, విడిపోతున్నా కెమెరా వంచి తీశారని అర్థం, అప్పుడు పైన చెప్పిన లెక్క ఉజ్జాయింపే అవుతుంది. ముందు Camera Raw లో Geometry కి వెళ్ళి నిలువు గీతలు నిటారు చేసి, ఆ తర్వాతే హొరైజన్ వెతకండి. మొక్క పేస్ట్ చేశాక గది నిటారు చేస్తే మొక్క కూడా దాంతో పాటు సాగి, చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు అంకెలు. మీ ఫొటో నా దగ్గర లేదు కాబట్టి నేను చేసిన ఇలాంటి ఒక హాల్ ఫొటో తీసుకుని చెప్తా, మీ అంకెలు వేసుకుని ఇదే దారిలో వెళ్ళండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 16 ఎంఎం, ఫొటో 6000 × 4000, క్రాప్ లేదు. గీసి చూస్తే హొరైజన్ పై నుంచి 2000 దగ్గర వచ్చింది, అంటే సరిగ్గా మధ్యలో. ఫొటో తీసినవాళ్ళకి కెమెరా ఎత్తు గుర్తులేదు, మామూలుగా ఎవరికీ గుర్తుండదు, అందుకని తలుపు పట్టుకున్నా. తలుపు అసలు ఎత్తు 2.1 మీటర్లు, ఇది కొలిపించి తెలుసుకున్నా, ఊహించలేదు. ఫొటోలో తలుపు అడుగు 2600 దగ్గర, పై అంచు 1550 దగ్గర ఉంది, అంటే తలుపు మొత్తం 1050 పిక్సెల్స్, అందులో హొరైజన్ కింద ఉన్న భాగం 600. 1050 కి 2.1 మీటర్లయితే 600 కి 1.2 మీటర్లు. కెమెరా ఎత్తు దొరికింది. తలుపు లేకపోతే కొలత కచ్చితంగా తెలిసిన, నేల మీద ఆనుకుని నిలబడ్డ ఏ వస్తువైనా సరే, అలమారైనా ఫ్రిజ్ అయినా, కానీ పొట్టిది వద్దు, 45 సెంటీమీటర్ల స్టూల్ తీసుకుంటే నాలుగు పిక్సెల్స్ తప్పు కూడా పెద్దదవుతుంది.

మొక్క ఎక్కడ పెట్టాలో ఆ చోటు నేల మీద ఒక చుక్క పెట్టండి. మా ఫొటోలో అది కుడివైపు, పై నుంచి 2800 దగ్గర. హొరైజన్ నుంచి 800 కింద. మొక్క కుండీతో కలిపి నిజమైన ఎత్తు 1.5 మీటర్లు. ఇక సూత్రం ఇంతే:

```
px = (base_y - horizon_y) × H / h
px = (2800 - 2000) × 1.5 / 1.2 = 1000
```

H వస్తువు ఎత్తు, h కెమెరా ఎత్తు. మొక్క 1000 పిక్సెల్స్ ఉండాలి, అంటే ఆకుల కొస 1800 దగ్గరకి, హొరైజన్‌కి 200 పైకి వస్తుంది. ఇందులో ఇష్టాయిష్టాలకి చోటు లేదు. మొక్కని ఇంకొంచెం వెనక్కి జరపాలంటే చుక్క పైకి జరుగుతుంది, లెక్క మళ్ళీ వేయాలి. చాలామంది చేసే తప్పు ఏంటంటే సైజు ఫిక్స్ చేసుకుని మొక్కని ఫొటో అంతా ఈడ్చుకుంటూ తిరుగుతారు, చోటు మారిన ప్రతిసారీ సైజు మారాలని మర్చిపోతారు, అందుకే ఒకచోట బొమ్మలా, ఇంకోచోట భూతంలా కనిపిస్తుంది.

అడుగు అంటే ఎక్కడ కొలవాలనేది కూడా చూసుకోండి. కుండీ గుండ్రం కాబట్టి ఫొటోలో దాని అట్టడుగు పిక్సెల్ అనేది కుండీ ముందు అంచు, మధ్య కాదు. మా కుండీ అడుగు వెడల్పు 30 సెంటీమీటర్లు, ఆ దూరంలో ముందు అంచు మధ్య కన్నా దాదాపు 30 పిక్సెల్స్ కిందకి వస్తుంది. చుక్క మీద కుండీ మధ్యని పెట్టాలి, అట్టడుగు పిక్సెల్‌ని కాదు, లేకపోతే కుండీ అనుకున్న చోటు కన్నా కాస్త వెనక్కి జరిగి, ఆ సైజుకి నేల మీద ఆనీ ఆననట్టు ఉంటుంది. ఇంకోటి, కట్ చేసిన PNG చుట్టూ ఖాళీ ఎంతో కొంత మిగిలి ఉంటుంది, Ctrl+T కొట్టి చూపించే ఎత్తు మొక్కది అనుకుని మోసపోకండి. ముందు Image > Trim చేసి తెచ్చుకోండి.

లాంప్‌కి లెక్క అదే, కాకపోతే నేల బదులు టేబుల్ పైభాగం నుంచి మొదలవుతుంది. టేబుల్ ఎత్తు 60 సెంటీమీటర్లు, కెమెరా 1.2 మీటర్లు, కాబట్టి టేబుల్ పైనుంచి చూస్తే కెమెరా 0.6 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు. టేబుల్ మీద లాంప్ ఆనే చుక్క 2300 దగ్గర ఉంది, హొరైజన్‌కి 300 కింద. 0.6 మీటర్లకి 300 అయితే మీటరుకి 500, లాంప్ ఎత్తు అర మీటరు కాబట్టి 250 పిక్సెల్స్. చూశారా, ఒకే ఫొటోలో మొక్క దగ్గర మీటరుకి 667 పిక్సెల్స్, లాంప్ దగ్గర 500. రెండిటినీ పక్కపక్కన పెట్టి కంటితో సైజు సరిపోల్చితే ఎప్పటికీ కుదరదు. సీలింగ్ నుంచి వేలాడే లైట్ అయితే ఇదే లెక్క తలకిందులు, సీలింగ్ ఎత్తులోంచి కెమెరా ఎత్తు తీసేసి, హొరైజన్ నుంచి పైకి కొలుచుకోవాలి.

సైజు అయిపోయింది. ఇంత చేశాక కూడా సగం కేసుల్లో స్టిక్కర్ లాగే ఉంటుంది, అసలు కథ ఇక్కడే. మీ మొక్క ఫొటో ఒకసారి తెరిచి కుండీ పై అంచు చూడండి, ఫోన్ పట్టుకుని దగ్గర నిలబడి తీసి ఉంటారు కదా, లోపలి మట్టంతా కనిపిస్తూ అంచు దాదాపు గుండ్రంగా ఉంటుంది. మా దగ్గరకొచ్చిందీ అంతే. 1.5 మీటర్ల ఎత్తు నుంచి, మీటరు దూరంలో తీశారు, కుండీ అంచు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, అంటే కెమెరా దాదాపు 48 డిగ్రీలు కిందకి చూస్తోంది. ఆ కోణంలో గుండ్రటి అంచు వెడల్పులో దాదాపు 0.74 వంతు ఎత్తున్న ఓవల్‌గా కనిపిస్తుంది. హాల్ ఫొటోలో అదే కుండీ ఉండాల్సిన దూరం ఎంతో చూద్దాం, దానికి ఫోకల్ లెంగ్త్‌ని పిక్సెల్స్‌లోకి మార్చుకోవాలి:

```
f_px = 6000 × 16 / 36 = 2667
Z = f_px × h / (base_y - horizon_y)
Z = 2667 × 1.2 / 800 = 4.0 m
```

36 అనేది ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు, చిన్న సెన్సరో ఫోనో అయితే 35 ఎంఎంకి సమానమైన ఫోకల్ లెంగ్త్ EXIF లో చూసి 16 బదులు అది వేయండి, 6000 బదులు క్రాప్ చేయకముందు వెడల్పు. Z అంటే కెమెరా ఎటు చూస్తోందో ఆ దిశలో లోతు, 4 మీటర్లు. కెమెరా 1.2, కుండీ అంచు 0.4, తేడా 0.8 మీటర్లు. కుండీ సరిగ్గా ఎదురుగా ఉందనుకుంటే 0.8 ని 4 తో భాగిస్తే 0.2. అంచు ఓవల్ ఎత్తు వెడల్పులో అయిదో వంతు మాత్రమే ఉండాలి, మనం పేస్ట్ చేసిందేమో 0.74 ఉంది. గదిని ఒకళ్ళు కూర్చుని చూస్తున్నారు, కుండీని ఇంకొకళ్ళు పక్కనే నిలబడి తొంగి చూస్తున్నారు, రెండు చూపులూ ఒకే ఫొటోలో ఉన్నాయి. ఎక్కడ తేడా ఉందో చూసేవాళ్ళకి చెప్పడం రాకపోయినా తేలుతున్నట్టు మాత్రం తెలిసిపోతుంది. మీ Distort ఎందుకు పనిచేయలేదో కూడా ఇదే కారణం. ఫోన్ వంచడం వల్ల కుండీ కిందకి సన్నబడితే దాన్ని సరిచేయొచ్చు, అది వంపు సమస్య. కానీ ఏ చోట నిలబడి చూశారనేది ఏ ట్రాన్స్‌ఫార్మ్‌తోనూ మారదు, అక్కడి నుంచి కనిపించని భాగం ఫొటోలోనే ఉండదు కదా.

లెక్క వేయకుండా పట్టుకోవాలంటే ఒక గుర్తు చెప్తా. హొరైజన్ కింద ఉన్న గుండ్రటి అంచుల ముందు భాగం నవ్వుతున్న నోరులా కిందకి వంగుతుంది, పైన ఉన్నవాటి ముందు భాగం ఏడుపు మొహంలా పైకి వంగుతుంది, గీతకి దగ్గరయ్యేకొద్దీ చదునై, గీత మీద పూర్తిగా చదునైన లైన్ అయిపోతుంది. మా లాంప్ షేడ్ పై అంచు 1.1 మీటర్ల దగ్గర, అంటే హొరైజన్‌కి కేవలం 50 పిక్సెల్స్ కింద, అక్కడ అంచు దాదాపు సరళరేఖ. షేడ్ కింది అంచు కొంచెం నవ్వాలి, లోపలి బల్బు అస్సలు కనిపించకూడదు. క్లయింట్ పంపిన లాంప్ ఫొటోలో షేడ్ అడుగు నుంచి బల్బు వెలుగుతూ కనిపిస్తోంది, అంటే కింద కూర్చుని పైకి చూస్తూ తీశారు, అది నిలబెట్టే 1.6 మీటర్ల ఫ్లోర్ లాంప్ అయితే సరిపోయేదేమో గానీ టేబుల్ లాంప్‌కి చచ్చినా కుదరదు.

కాబట్టి నా మొదటి సలహా, వస్తువు మీ దగ్గరే ఉంటే మళ్ళీ తీయండి. అరగంట పని, ఫొటోషాప్‌లో మూడు గంటలు కొట్టుకోవడం కన్నా నయం. ఎంత దూరం నుంచి తీయాలి? ఇక్కడ మొక్క పక్కకి ఉంది కాబట్టి లోతు 4 మీటర్లయినా కెమెరా నుంచి నేల మీద కొలిస్తే దూరం 5 మీటర్లు, ఈ 5 ఎలా వచ్చిందో కింద చెప్తా. కెమెరాని 1.2 మీటర్ల ఎత్తులో పెట్టి, 5 మీటర్లు వెనక్కొచ్చి, కుండీ వైపు తిరిగి తీయండి. పక్కకి ఎంత తిప్పినా పర్లేదు, కిందకి మాత్రం వంచకండి, కుండీ ఫ్రేమ్ కింది భాగంలో పడితే పడనీయండి. అంత దూరం నుంచి చిన్నగా కనిపిస్తుంది కాబట్టి జూమ్ చేయండి, జూమ్ వల్ల పర్‌స్పెక్టివ్ మారదు, అది నిలబడ్డ చోటుని బట్టే ఉంటుంది. 16 ఎంఎం ఫొటోలోకి వెళ్ళేది కాబట్టి మొక్కని కూడా 16 ఎంఎంతోనే దగ్గరకెళ్ళి తీయాలనే మాట చాలాచోట్ల వింటా, అది తప్పు, అలా తీస్తే ముందు ఆకులు ఏనుగు చెవుల్లా వస్తాయి. ఇలా తీసిన ఫొటోకి ఇంకో లాభం, దాని హొరైజన్ కూడా మధ్యలో ఉంటుంది, అందుకని హాల్ హొరైజన్ మీద దీని హొరైజన్ కూర్చోబెట్టి, కుండీ అడుగు చుక్క మీదకి వచ్చేదాకా సైజు మారిస్తే చాలు, మొక్క ఎత్తు కొలవకపోయినా సైజు దానంతటదే సరిపోతుంది.

వస్తువు దగ్గర లేదు, ఉన్న ఫొటోతోనే చేయాలంటే కుండీని, ఆకుల్ని రెండు లేయర్లు చేయండి. ఆకులు చాలా క్షమిస్తాయి, ఏ కోణంలో తీశారో ఎవరూ కనిపెట్టలేరు. కుండీ సాదా గొట్టంలా ఉంటే దాని పై అంచు ఓవల్‌ని విడిగా తీసి, నిలువుగా నొక్కి 0.74 నుంచి 0.16 కి తేవచ్చు, మొక్క పక్కకి ఉంది కాబట్టి ఇక్కడ 0.8 ని 4 తో కాదు, 5 తో భాగించాలి, అడుగు వంపుని Warp తో 0.24 కి తగ్గించొచ్చు, మధ్యలో కుండీ ఒళ్ళు కాస్త నిలువుగా సాగదీయాల్సి వస్తుంది, ఎందుకంటే పైనుంచి చూసినప్పుడు అది కురచగా పడుంటుంది. మట్టి మీద రెండు ఆకులు వాల్చేస్తే అతుకు కప్పడిపోతుంది. చతురస్రం కుండీ, చెక్కుడు పనున్న కుండీ, కాళ్ళున్న స్టాండ్ అయితే ఈ తిప్పలు పడకండి, కుదరదు, వేరే ఫొటో వెతుక్కోండి.

ఇక మీరు పెడుతున్నది కుడి చివర కాబట్టి ఇంకో సంగతి మిగిలింది. వైడ్ లెన్స్ గోడ గీతల్ని వంగకుండా తిన్నగా ఉంచడం కోసం అంచుల్లో ఉన్న వస్తువుల్ని పక్కకి సాగదీస్తుంది, గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డవాళ్ళు లావుగా రావడం చూసే ఉంటారు. మీరు సాగని మొక్కని సాగిన చోట పెడితే, ఎత్తు సరిగ్గా ఉన్నా సన్నగా, కాగితంలా కనిపిస్తుంది. మా చుక్క ఫ్రేమ్ మధ్య నుంచి కుడికి 2000 పిక్సెల్స్:

```
2000 / 2667 = 0.75
W = sqrt(1 + 0.75²) = 1.25
```

అంటే వెడల్పు 125 శాతం చేయాలి, ఎత్తు ముట్టుకోకూడదు, ఎత్తు మనం హొరైజన్ లెక్కతో ఇప్పటికే పెట్టేశాం. Ctrl+T కొట్టి, పైన W, H మధ్య గొలుసు గుర్తు తీసేసి, H లో ఎంత శాతం ఉందో దానికి 1.25 రెట్లు W లో వేయడమే. ఇందాక 5 మీటర్లన్నది కూడా ఇదే 1.25, 4 × 1.25. ఫ్రేమ్ మధ్య నుంచి 700 పిక్సెల్స్ లోపలే పెట్టి ఉంటే సాగడం 3, 4 శాతమే, అసలు పట్టించుకోనక్కర్లేదు, అందుకే క్లయింట్ ఒప్పుకుంటే నేను మొక్కల్ని మధ్య వైపుకే లాగేస్తా.

వెడల్పుతో పాటు చిన్న వాలు కూడా ఉంటుంది, ఇది చాలామందికి తెలీదు. చివర ఉన్న కుండీ ఓవల్ అడ్డంగా సమంగా ఉండదు, బయటి వైపు కొస కొంచెం కిందకి దిగి ఉంటుంది, మా కుండీ పై అంచు దగ్గర అయిదున్నర డిగ్రీలు, అడుగు దగ్గర ఎనిమిది. కుండీని తిప్పేస్తే దాని నిలువు అంచులు వాలిపోతాయి కాబట్టి Rotate వద్దు. ఇక్కడ మాత్రం Distort పనికొస్తుంది. మా మొక్క పెట్టె 125 శాతం అయ్యాక 500 పిక్సెల్స్ వెడల్పుంది, బయటి వైపు కింది మూలని దాదాపు 36 పిక్సెల్స్ కిందకి, లోపలి వైపు కింది మూలని 36 పైకి, అలాగే పైన బయటి మూలని 9 పైకి, లోపలి మూలని 9 కిందకి జరిపా. అంటే హొరైజన్‌ని కదలనివ్వకుండా బయటి వైపు కాస్త పెద్దది చేసి, లోపలి వైపు కాస్త చిన్నది చేశామన్నమాట. నిలువు అంచులు నిలువుగానే ఉంటాయి. ఇది చేసిన క్షణం కుండీ నేల మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది, నాకైతే ప్రతిసారీ ఆ క్షణం కోసమే ఈ పని చేస్తున్నట్టుంటుంది. మధ్యలో పెట్టిన వస్తువుకి ఇదేమీ అక్కర్లేదు.

Vanishing Point ఫిల్టర్ వాడమని ఎవరైనా చెప్తారు, అది కార్పెట్‌కి, గోడ మీద ఫ్రేమ్‌కి బాగుంటుంది, చదునైన వస్తువుల కోసం పెట్టింది. మొక్కని అందులో పెడితే అట్టముక్క మీద ప్రింట్ తీసి నిలబెట్టినట్టు వస్తుంది.

పని మొదలెట్టేటప్పుడే లేయర్‌ని Smart Object చేసుకోండి, లేకపోతే ఇన్ని ట్రాన్స్‌ఫార్మ్‌లకి ఆకుల అంచులు నలిగిపోతాయి. షాడో ఇవన్నీ అయ్యాకే, కుండీ ముందు అంచు నేలని తాకే చోట రెండు మూడు పిక్సెల్స్ గట్టి చీకటి, దాని చుట్టూ మెత్తగా.

మీ హాల్ ఫొటో క్రాప్ చేయని ఫైల్, తలుపు అసలు ఎత్తు, మొక్క ఎత్తు ఇక్కడ పెట్టండి, హొరైజన్ గీసి చుక్క దగ్గర ఎన్ని పిక్సెల్స్ రావాలో చూసి చెప్తా. కుండీ అంచు మాత్రం ఇప్పుడే ఒకసారి కొలిచి చూడండి, ఓవల్ ఎత్తు వెడల్పులో సగం దాటితే లెక్క దాకా పోకుండా ముందు మొక్కని మళ్ళీ ఫొటో తీయండి.